మీ బొమ్మల వెబ్‌సైట్ గురించి మీ మాటల్లో నాలుగు వాక్యాలు కావాలండీ

మేడమ్‌గారికి నమస్కారం.

దసరా కొలువు ఆర్డర్లు, దీపావళి పార్సిళ్లు అయిపోయి షాపులో కాస్త తెరిపి దొరికి ఉంటుందని ఇప్పుడు రాస్తున్నాను. మీ ఏటికొప్పాక బొమ్మల వెబ్‌సైట్‌ని ఆగస్టు చివర్లో మీకు అప్పగించాను. ఈ మాట ఆ రోజే అడగొచ్చు. కానీ అప్పటికి మీరు చెప్పగలిగేది "చూడ్డానికి బాగుంది" అన్నంతవరకే. ఇప్పుడు ఒక సీజన్ మొత్తం దాని మీదే నడిచింది కాబట్టి, ఏది అక్కరకొచ్చిందో ఏది రాలేదో నాకన్నా మీకే బాగా తెలుసు. నా పని గురించి మూడు నాలుగు వాక్యాలు, యాభై అరవై మాటలకు మించకుండా, రాసి పంపగలరా?

ఎవరి కోసమో కూడా చెబుతాను. పొందూరు ఖద్దరు అమ్మేవారొకరు, అరకు కాఫీ ప్యాకెట్లు అమ్మేవారొకరు సైట్ చేయించుకోవాలని అడుగుతున్నారు. ఇద్దరి భయమూ ఒకటే: "ఫోటోలో ఒకలా ఉండి, చేతికొచ్చాక ఇంకోలా ఉంటే సరుకు వెనక్కొచ్చేస్తుంది కదా?" అలా రాకుండా చూస్తానని నేను ఎన్నిసార్లు చెప్పినా, చేసేవాడు తన పని గురించి చెప్పుకున్నట్టే ఉంటుంది. సరుకు అమ్మి, పార్సిల్ కట్టి, కొన్నవాళ్ల ఫోన్లు ఎత్తిన మీరు చెబితే వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

"చాలా బాగా చేశారు, ధన్యవాదాలు" అని రాస్తే నాకు సంతోషమే గానీ, చదివేవాళ్లకు అందులో తెలిసేది ఏమీ ఉండదు. అందుకని మూడు విషయాలు చెప్పండి చాలు. ఈ సైట్ రాకముందు మిమ్మల్ని రోజూ ఇబ్బంది పెట్టినదేమిటి? సైట్ వచ్చాక అందులో మారినదేమిటి? నాతో పని చేయించుకోవడం ఎలా అనిపించింది, చెప్పిన టైముకి ఇచ్చానా, అడిగినదానికి అర్థమయ్యేలా జవాబిచ్చానా? మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, కొత్తవాళ్లు ముందు వెతికేది అదే.

మీరు వెనక్కి వెళ్లి వెతుక్కోనక్కర్లేకుండా, అప్పట్లో మనం రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. మొదట మీ దగ్గరున్న ఫోటోలు ఒక్కొక్కటి 4, 5 ఎంబీ ఉండేవి. అందుకే పాత పేజీ మీ ఫోన్‌లో తెరుచుకోవడానికి 9 సెకన్లు పట్టేది. అన్నింటినీ 200 కేబీ లోపుకి తెచ్చాక అదే ఫోన్‌లో 3 సెకన్లలోపు వచ్చేసింది. మొత్తం 64 బొమ్మలు, ఒక్కో దానికి 5 ఫోటోలు. లక్క మెరుపు వల్ల లైటు బొమ్మ మీద తెల్ల మచ్చలా పడేది. లైటుకి అడ్డంగా పల్చటి తెల్లగుడ్డ కట్టి, రంగు సరిచూసుకోవడానికి బూడిదరంగు కార్డు పక్కన పెట్టి మళ్లీ తీశాం. పసుపు, ఎరుపు అసలు బొమ్మ పక్కన పెట్టి సరిచూసినది మీరే. వాట్సాప్‌లో పదే పదే వచ్చే "ఎంత పెద్దదండీ?" అన్న ప్రశ్న కోసం ప్రతి బొమ్మకీ ఎత్తు సెంటీమీటర్లలో రాసి, ఒక ఫోటోలో అరచేతిలో పెట్టి చూపించాం. కొరియర్ ఖర్చు 500 గ్రాముల చొప్పున దానంతటదే లెక్కపడేలా చేశాం. ఇందులో మీకు నిజంగా తేడా తెలిసినది ఏదో ఒక్కటి రాయండి. అన్నీ రాస్తే జాబితా అవుతుంది, మీ మాటలా ఉండదు.

మొదటి వారంలో జరిగిన తప్పు కూడా రాయొచ్చు. మూడు ఆర్డర్లకు యూపీఐలో డబ్బు పడింది గానీ, సైట్‌లో ఆర్డరు నమోదు కాలేదు. పేమెంట్ సంస్థ నుంచి మన సైట్‌కి రావాల్సిన నిర్ధారణ సందేశానికి నేను పాత చిరునామా ఇచ్చి ఉంచడమే కారణం. రెండు రోజుల్లో సరిచేసి, ఆ ముగ్గురి వివరాలు చేత్తో ఎక్కించాను. ఆ రెండు రోజులూ వాళ్లకు జవాబు చెప్పుకున్నది మీరు. అది దాచమని అడగను. తప్పు జరిగినప్పుడు ఏం చేశానో మీరు ఉన్నదున్నట్టు రాస్తే, పొగడ్త కన్నా అదే నాకు ఎక్కువ విలువ.

రాయడానికి కూర్చునే టైము లేకపోతే వాట్సాప్‌లో ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పంపండి. షాపులో మాట్లాడే తీరులోనే మాట్లాడండి, ఇంగ్లిష్‌లోకి మార్చనక్కర్లేదు. నేను దాన్ని రాతలో పెట్టి మీకు చూపిస్తాను, మీరు సరేనన్నాకే వాడతాను. అంతకన్నా తేలిక ఇంకొకటి ఉంది. దసరా ముందు మీరే నాకు ఇలా పంపారు: "ఈసారి సైజు అడిగి ఫోన్ చేసినవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లు నేరుగా ఆర్డరు పెట్టేశారు." ఈ రెండు వాక్యాలు వాడుకోవచ్చని మీరంటే అదే చాలు. మీ తరఫున నేను రాసి మీ పేరు పెట్టడం మాత్రం నాకిష్టం లేదు. అలా రాసినవన్నీ ఒకే గొంతుతో వినిపిస్తాయి, చదివేవాళ్లు ఇట్టే పసిగడతారు.

మీ మాటలు నా వెబ్‌సైట్‌లో "చేసిన పనులు" పేజీలోనూ, కొత్తవాళ్లకు పంపే పరిచయ పత్రంలోనూ వస్తాయి. ఇంకెక్కడా వాడను. పేరు, షాపు పేరు రెండూ ఉంటే చదివేవాళ్లకు నమ్మకం. వద్దనుకుంటే "జగదాంబ సెంటర్ దగ్గర చేతిబొమ్మల షాపు యజమాని" అని వేస్తాను. అమ్మకం అంకెలు, ఏటికొప్పాకలో మీకు బొమ్మలు చేసిచ్చేవారి పేర్లు మాత్రం రాయకండి, అవి బయటకు వెళ్లాల్సినవి కావు. తర్వాత ఎప్పుడైనా తీసేయమంటే ఆ రోజే తీసేస్తాను.

ఇది గూగుల్ రేటింగ్ కోసం అడగడం కాదండీ. రాశారని ఏడాది నిర్వహణ రుసుములో తగ్గింపు ఇవ్వను, ఇస్తే ఆ మాటకు విలువ పోతుంది. రాయలేదని పనిలో తేడా కూడా రాదు. డిసెంబరులో డొమైన్ గడువు పొడిగించాల్సి ఉంది, అది నేను మాట ఇచ్చినట్టే చూసుకుంటాను.

వచ్చే ఆదివారం లోపు పంపగలిగితే మేలు. సంక్రాంతి కొలువు ఆర్డర్లు మొదలైతే మీకు ఊపిరి సలపదు. కుదరదంటే "ఇప్పుడు కాదు" అని ఒక్క మాట పంపండి, మళ్లీ గుర్తుచేయను. మీరు పంపితే మాత్రం సైజు పట్టికలో వత్తి స్టాండుల ఎత్తు తప్పు పడిందని మొన్న చెప్పారు కదా, సరైన కొలత కూడా అందులోనే రాయండి. అదే రోజు మార్చేస్తాను.

ఉంటానండీ,
మీ వెబ్‌సైట్, ఫోటోల పని చేసినవాణ్ని
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం