వ్యాన్ లాగ్‌బుక్, 3 నుంచి 8 దాకా ఎక్కించాను

అన్నా, ఈ వారం పేజీ మొత్తం షీట్‌లో ఎక్కించేశాను, కింద చెప్పిన రెండు చోట్ల తప్ప బుక్‌లో ఎలా ఉందో అలాగే స్టార్టింగ్, క్లోజింగ్ రీడింగులు రాసి దూరం మాత్రం మళ్ళీ లెక్కేశాను. డ్రైవర్ వేసిన దూరం చూడలేదు, క్లోజింగ్‌లోంచి స్టార్టింగ్ తీసేస్తే ఎంతొస్తే అంతే.

3వ తేదీ, గోడౌన్, రానుపోను: 48217 – 48263, 46 కి.మీ.
4, సైట్: 48263 – 48351, 88
5 పొద్దున, బ్యాంక్, స్టేషనరీ: 48351 – 48379, 28
5 సాయంత్రం, పార్శిల్ ఆఫీస్: 48379 – 48412, 33
6, కస్టమర్ డెలివరీ: 48412 – 48470, 58
7, పార్శిల్ ఆఫీస్: 48470 – 48503, 33
బుక్‌లో లేనిది: 48503 – 48511, 8
8, సైట్, అక్కణ్ణుంచి గోడౌన్: 48511 – 48584, 73

మొత్తం 367. చివరి రీడింగ్ 48584 లోంచి మొదటిది 48217 తీసేసినా అదే వస్తోంది కాబట్టి కూడికలో తేడా లేదు.

5 సాయంత్రం దగ్గర ఒకసారి ఆగండి. బుక్‌లో స్టార్టింగ్ 48397 అని ఉంది, కానీ పొద్దున బండి ఆగింది 48379 దగ్గర, అంటే చివరి రెండంకెలు తారుమారయ్యాయని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే 97 అనుకుంటే పార్శిల్ ఆఫీస్ 15 కి.మీ.లోనే అయిపోయినట్టు, అదే రూట్ 7వ తేదీ 33 వచ్చింది. అందుకే 79 పెట్టాను. బుక్‌లో మాత్రం ఆ అంకె చెరిపెయ్యొద్దు అన్నా, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం పెట్టాలి, కింద పాత అంకె కనపడుతూ ఉండాలి, లేకపోతే రేపు ఎవరైనా అడిగితే ఏం మార్చామో చూపించలేం.

6వ తేదీ క్లోజింగ్ 484703 అని ఆరంకెలు ఉంది, చివరి 3 పాయింట్ తర్వాతది, కలిపి రాసేశాడు. మిగతావన్నీ పూర్తి కిలోమీటర్లే కదా, వదిలేశాను.

షీట్‌లో దూరం, గ్యాప్ ఇలా వేశాను, సి స్టార్టింగ్, డి క్లోజింగ్:

```
=D3-C3
=C4-D3
```

రెండోది సున్నా రావాలి, రాకపోతే మధ్యలో బండి తిరిగినట్టో రీడింగ్ తప్పు రాసినట్టో. 7కీ 8కీ మధ్య ఆ 8 కి.మీ. అలాగే బయటపడింది. అది డీజిల్ కోసం వెళ్ళిందేమో, కానీ ఊహించి 7వ తేదీ ట్రిప్‌లో కలిపేస్తే 33 కాస్తా 41 అయిపోతుంది, ఆ రూట్ దూరం కూడా పాడవుతుంది, అందుకే విడిగా ఉంచాను. డ్రైవర్‌ని అడిగి ఎందుకు వెళ్ళాడో ఆ లైన్‌లో రాయించండి, అది వచ్చాకే 367 ఫైనల్ చేస్తాను.