తెనాలి ఇంటి స్థలం: దస్తావేజుల సారాంశం

మేడమ్, మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. అమ్ముతున్నాయన ఈ 242 చదరపు గజాలను 2011లో కొన్నారు. క్రయ దస్తావేజు నంబరు 3187/2011, తెనాలి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. అంతకుముందరి లింకు దస్తావేజు 1126/1994 కూడా ఉంది. హక్కు వరుస బాగానే ఉంది.

అసలు చిక్కు ఈసీలో, అంటే స్థలంపై రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో ఉంది. 2016లో బ్యాంకుకు తనఖా పెట్టినట్టు ఎంట్రీ ఉంది, విడుదలైనట్టు లేదు. అప్పు తీర్చేశామన్న నోటిమాట చాలదు. తనఖా రద్దు రసీదు రిజిస్టరై కొత్త ఈసీలో కనబడాలి, ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకు నుంచి బయటికి రావాలి. అందాకా దయచేసి అడ్వాన్సు ఇవ్వకండి.

పాత దస్తావేజులో సర్వే నంబరు 214/2, కొత్తదాంట్లో 214/2ఎ. సబ్‌డివిజన్ రికార్డు, సర్వే కొలతలు చూపే ఎఫ్‌ఎంబీ స్కెచ్ తెప్పించి సర్వేయరుతో హద్దులు కొలిపించండి. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు ఈసీకి ఎక్కవు. వాటి గురించి ఇరుగుపొరుగును నేనే విచారిస్తాను.