సరేనమ్మా

కాల్గరీ
నవంబర్ 8

ఒరేయ్ చిన్నోడా,

ఫోన్ చేస్తే మళ్లీ గొడవే అవుతుంది. మొన్న నువ్వు మధ్యలో పెట్టేశావు, నేనూ అరిచాను, అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివాక మాట్లాడు.

నాన్నకి సూపర్ వీసా కాగితాలన్నీ రెడీ. ఆహ్వాన పత్రం, నా ఆదాయం లెక్కలు, ఏడాదికి మెడికల్ ఇన్సూరెన్స్, అన్నీ. ఆ వీసా మీద ఒకసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు, ఊరికే అటూ ఇటూ తిరగక్కర్లేదు. ఇదంతా ఆయనకి ఒక్కొక్కటిగా చెప్పాను, ప్రతిసారీ "సరేనమ్మా, అలాగే" అన్నారు. కింద గది ఖాళీ చేయించాను, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు కూడా వేయించాను. ఇప్పుడు పిన్ని ఫోన్ చేసి "మీ నాన్న ఎక్కడికీ రానంటున్నాడే, అసలు నన్నెవరూ అడగలేదంటున్నాడు" అంది. ఎవరూ అడగలేదా? ఒళ్లు మండిపోయింది నాకు.

నాకు తోచింది ఒకటే, నువ్వే ఏదో చెప్పి ఆయన మనసు మార్చావు. మొదటి నుంచీ నువ్వు "ఆయన్ని తీసుకెళ్లి ఆ చలిలో పడేస్తావా" అంటూనే ఉన్నావు కదా. చలి అయితే ఇంట్లో హీటర్ ఉంటుందిరా, మనిషి లేకపోతే ఏం పెట్టుకోవాలి?

అమ్మ పోయాక ఆయన మాట రోజురోజుకీ తగ్గిపోతోంది. ఇదివరకు పిల్లల మార్కుల దగ్గర్నుంచి నా కారు టైర్ల దాకా అడిగేవారు. ఇప్పుడు "బాగున్నారా, సరే, జాగ్రత్త" అని రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నారు. లోపల్లోపల కుంగిపోతున్నారని నాకు భయంగా ఉంది. నీకు లేదా?

నా దగ్గరే ఉండాలన్న పంతం నాకు లేదు. ఒంటరిగా ఉండకూడదు, అంతే. నువ్వు ఆయనతో ఏమన్నావో ఉన్నదున్నట్టు రాయి.

అక్క


ఇంటి నుంచి
నవంబర్ 23

అక్కా,

నీ ఉత్తరం చదివాక సెలవు పెట్టి ఇక్కడికి వచ్చేశాను. నాన్న కుర్చీ పక్కనే కూర్చుని రాస్తున్నాను, ఆయన పేపర్ చదువుకుంటున్నారు.

ముందు నువ్వడిగిందానికి జవాబు. నేనేమీ చెప్పలేదు. పైగా ఆక్లాండ్ రమ్మని నేనూ అడిగాను, మా దగ్గర తల్లిదండ్రుల విజిటర్ వీసా మీద ఒక విడత ఆరు నెలలు ఉండొచ్చని చెప్పాను. నాకూ "సరేరా, అలాగే" అన్నారు. నీకూ సరే, నాకూ సరే, పిన్నితో మాత్రం ఎవరూ అడగలేదని. పిన్ని ఎదురుగా కూర్చుని అడిగింది కదా, తేడా అక్కడే ఉంది.

వచ్చిన రోజు గేటు దగ్గర బెల్ కొడుతూ నిలబడ్డాను. కిటికీలోంచి ఆయన కనిపిస్తూనే ఉన్నారు, తల కూడా తిప్పలేదు. టెన్షన్ వచ్చింది. మర్నాడు మేడ మీదికి వెళ్లి ఆయనకి ఫోన్ చేసి "నాన్నా, రేపు పొద్దున కరెంటు తీసేస్తారట" అన్నాను. "బాగానే ఉన్నానమ్మా, పిల్లలెలా ఉన్నారు?" అన్నారు. అమ్మా అన్నారక్కా. నా గొంతు విని నువ్వనుకున్నారు.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను అద్దం అవతల నుంచి చూస్తున్నాను. లావు శబ్దాలకి వెంటనే నొక్కారు, సన్నటివి మొదలయ్యాక బటన్ మీద వేలు అలాగే ఉండిపోయింది, ఆయన మాత్రం పరీక్ష ఇంకా మొదలుకాలేదేమో అన్నట్టు గోడకేసి చూస్తున్నారు. గ్రాఫ్‌లో గీత ఎడమ పక్క బాగానే ఉంది, కుడి పక్కకి వచ్చేసరికి మెట్లు దిగినట్టు దిగిపోయింది.

వయసుతో ముందు పోయేది సన్నటి శబ్దాలేనట. స, ష, త, ఫ లాంటి హల్లులు తెలిసేది వాటివల్లే. అచ్చుల మోత చెవికి చేరుతుంది, మాట చేరదు. అందుకే "వినపడుతోందా నాన్నా" అంటే వినపడుతోందనే చెబుతారు, అందులో అబద్ధం లేదు. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు ఇంకా కష్టం. దానికి తోడు మామూలు ఫోన్ లైను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది, మిగిలినవి దార్లోనే పోతాయి. వీడియో కాల్‌లో పెదాలు చూద్దామంటే శబ్దం ఒక క్షణం వెనక వస్తుంది. గట్టిగా అరిస్తే మోత పెరుగుతుంది, స్పష్టత రాదు.

ఇది ఇప్పుడు మొదలైంది కాదు, ఏళ్లుగా నెమ్మదిగా వచ్చిందే అన్నారు డాక్టరు. మరి మనకెందుకు తెలియలేదని రాత్రంతా నిద్రపట్టలేదు. అమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టేది గుర్తుందా? మనం ఏం చెప్పినా "ఇదిగో, చిన్నోడికి ప్రమోషన్ వచ్చిందట" అని ఆయన వైపు తిరిగి మళ్లీ చెప్పేది. చెప్పిందే చెప్పడం అమ్మకి అలవాటనుకున్నాం. ముఖం ఆయనకి కనిపించేలా తిప్పి, నిదానంగా, మనం చెప్పిన ప్రతి ముక్కా ఆయనకి అందించింది. మన కబుర్లన్నీ ఆవిడ నోటి నుంచే ఆయనకి చేరాయి.

రెండు చెవులకీ మెషిన్లు ఇచ్చారు. పెట్టుకోగానే అన్నీ సర్దుకోవు, కొన్ని వారాలు రోజంతా ఉంచుకోవాలి, మధ్యలో వెళ్లి సెట్టింగ్ మార్పించుకోవాలి. ఫ్యాన్ చప్పుడు, పేపర్ మడిచే చప్పుడు కూడా చిరాకు పెడుతున్నాయంటున్నారు. పిన్నికి అన్నీ చూపించాను.

నువ్వొక పని చెయ్యి. ఏం అడగాలన్నా రాసి అడుగు. కళ్లు శుభ్రంగా ఉన్నాయి ఆయనకి.

తమ్ముడు


కాల్గరీ
డిసెంబర్ 20

చిన్నోడా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. కారులోకి వెళ్లి కూర్చుని ఏడ్చాను. సాయంత్రం నాన్నకి నాలుగు పేజీలు రాసి, స్కాన్ చేసి పిన్నికి పంపితే, ప్రింట్ తీసి ఇచ్చింది. ఆయన జవాబు ఫొటోలు తీసి నిన్న పంపింది. అసలు కాగితం ఆయన దగ్గరే ఉంది, కొంత నీకు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"తల్లీ, నువ్వు గది సిద్ధం చేశావని ఇప్పుడే తెలిసింది. చెవి సంగతి మీ దగ్గర దాచాలని కాదు. ఒకసారి అర్థం కాక మళ్లీ అడిగితే మళ్లీ చెబుతారు. మూడోసారి అడిగితే 'ఏం లేదులే నాన్నా' అంటారు. ఆ మాట మాత్రం నాకు బాగా వినపడుతుంది. అందుకని సరే అనడం నేర్చుకున్నాను.

నేను ఇల్లు అమ్మను. మీ అమ్మ ఉన్న ఇల్లు, నాకు చీకట్లో కూడా దారి తెలిసిన ఇల్లు. కానీ మిమ్మల్ని చూడాలని ఉంది. ఫిబ్రవరిలో చిన్నోడి దగ్గర ఎండాకాలమట, అప్పుడు అక్కడికి వెళతాను. జూన్‌లో నీ దగ్గరికి వస్తాను, చలి మొదలయ్యేలోపు ఇంటికి పంపించెయ్యి. మీ ఇద్దరూ నా గురించి పోట్లాడుకోవడం మానండి."

ఐదేళ్లు ఉంచుకుందామనుకున్నదాన్ని, వేసవితో సరిపెట్టుకుంటున్నాను. బాధగానే ఉంది, కానీ ఇది ఆయన నోటి మాట, ఎవరూ అనుకుని చెప్పింది కాదు. కడ్డీలు ఎటూ పోవు.

ఫిబ్రవరి టికెట్ నువ్వు చూడు. విమానంలో వీల్‌చెయిర్ సాయం అడుగు, అనౌన్స్‌మెంట్లు ఆయనకి అందవు కాబట్టి బుకింగ్‌లోనే చెవి సంగతి రాయించు. మెషిన్ల ఛార్జర్ చేతి సంచిలోనే పెట్టమను.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం నీకు రెండింటికి, నాకు శనివారం సాయంత్రం ఆరు, నాన్నకి ఆదివారం పొద్దున, ముగ్గురం వీడియో కాల్‌లో కూర్చుందాం. క్యాప్షన్లు ఆన్ చేయడం పిన్నికి నేను చూపిస్తాను. కిటికీ నీ వెనకాల కాదు, ఎదురుగా ఉండేలా కూర్చో, ముఖం మీద వెలుతురు పడాలి. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు అందుకోకూడదు. ఆ మీసం కూడా కాస్త కత్తిరించుకో, నీ పెదాలు ఆయనకి కనబడాలి.

అక్క