ఉద్దానం, కటక్ కిడ్నీ వ్యాధి సమీక్ష – అనుబంధం 2: సెర్చ్, స్క్రీనింగ్, ఫ్లో డయాగ్రామ్, రిపోర్టింగ్ చెక్‌లిస్ట్

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోనూ, ఒడిశా కటక్ జిల్లా పల్లెల్లోనూ పెద్దవాళ్లలో ఎంతమందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉంది? వాళ్లలో షుగర్, బీపీ లాంటి తెలిసిన కారణమేదీ లేనివాళ్లు ఎందరు? ఈ రెండు ప్రశ్నలకు ఇప్పటిదాకా జరిగిన సర్వేల నుంచి జవాబు తీయడమే ఈ సమీక్ష పని. ఆ సర్వేలను ఎలా వెతికాం, ఏవి ఉంచాం, ఏవి ఎందుకు పక్కన పెట్టాం అన్నది ఈ అనుబంధంలో ఉంది. ప్రిస్మా 2020 మార్గదర్శకాన్ని, సెర్చ్ వివరాలకు ప్రిస్మా-ఎస్‌ను అనుసరించాం. కింద కనిపించే ప్రతి అంకె వెనుక ఒక ఫైలు ఉంది. అది ఏ ఫైలో చివర చెప్పాం.

ఎక్కడెక్కడ వెతికాం

పబ్‌మెడ్, ఎంబేస్, స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ డేటాబేసుల్లోనూ, మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలోనూ 2025 జనవరి 14న వెతికాం. ఆగస్టు 4న అవే సెర్చ్‌లు మళ్లీ నడిపాం. డయాగ్రామ్‌లో రెండు తేదీల ఫలితాలూ కలిసే ఉన్నాయి. సంవత్సరం, భాష విషయంలో ఏ పరిమితీ పెట్టలేదు. వీటికి తోడు శోధ్‌గంగలో థీసిస్‌లు, ఐసీఎంఆర్, రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖల వెబ్‌సైట్లు చూశాం. సమీక్షలో చేరిన ప్రతి పేపర్ రిఫరెన్సులనూ, దాన్ని ఉటంకించిన పేపర్లనూ తిరగేశాం.

పబ్‌మెడ్‌లో నడిపిన సెర్చ్ ఉన్నదున్నట్టుగా ఇది:

```
#1 "Renal Insufficiency, Chronic"[Mesh] OR "chronic kidney disease"[tiab]
   OR CKD[tiab] OR CKDu[tiab] OR nephropath*[tiab]
#2 Uddanam[tiab] OR Uddhanam[tiab] OR Srikakulam[tiab] OR Kaviti[tiab]
   OR Sompeta[tiab] OR Palasa[tiab] OR "Andhra Pradesh"[tiab]
   OR Odisha[tiab] OR Orissa[tiab] OR Cuttack[tiab]
#3 #1 AND #2
```

ఊరి పేర్ల దగ్గరే ఎక్కువ సమయం పట్టింది. ఉద్దానాన్ని ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్‌తో రాశారు. కొందరు ఆ పేరు ఎత్తకుండా మండలం పేరో, జిల్లా పేరో ఇచ్చి ఊరుకున్నారు. ఒడిశా పేరు మారింది 2011లో కాబట్టి పాత స్పెల్లింగ్‌ను కూడా ఉంచక తప్పలేదు. రచయితల చిరునామాలో మాత్రం వెతకలేదు. అలా వెతికితే విశాఖలోనో, భువనేశ్వర్‌లోనో పనిచేసే ప్రతి నెఫ్రాలజిస్టు రాసిన ప్రతి పేపరూ వచ్చి పడుతుంది. సర్వేలను మాత్రమే ఏరే రెడీమేడ్ ఫిల్టర్ కూడా వాడలేదు. పల్లెల్లో చేసిన సర్వేలు చాలాసార్లు తమను సర్వే అని చెప్పుకోవు, ఆ ఫిల్టర్ వాటిని జారవిడుస్తుంది. సెర్చ్ నడిపే ముందు సమీక్షతో సంబంధం లేని ఒక లైబ్రేరియన్ దాన్ని ప్రెస్ చెక్‌లిస్ట్ ప్రకారం తనిఖీ చేశారు. పాత స్పెల్లింగ్ కలపమన్నది ఆవిడే.

ఎలా వడకట్టాం

డూప్లికేట్లను ముందు జొటేరోలో తీసేసి, మిగిలిన వాటిని రయ్యాన్‌లో శీర్షిక, పేజీ నంబర్లు పోల్చి చేత్తో ఏరాం. ఆ తర్వాత స.ర., ల.పి. ఒకరి నిర్ణయం ఒకరికి కనిపించకుండా శీర్షికలు, సారాంశాలు చదివారు. మొదలుపెట్టే ముందు 50 రికార్డుల మీద ప్రాక్టీసు చేసి, నియమాల్లో అస్పష్టంగా ఉన్నవి సరిచేసుకున్నారు. 685 రికార్డుల్లో ఇద్దరూ ఉంచుదామన్నవి 58, ఇద్దరూ వద్దన్నవి 586, తేడా వచ్చినవి 41 (కప్పా 0.71). తేడా వచ్చినవాటి మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. తేలనివి వి.కె. దగ్గరికి వెళ్లాయి. చివరకు ఆ 41లో 19 పూర్తి పాఠం దశకు వెళ్లాయి, 22 ఆగిపోయాయి. పూర్తి పాఠాలనూ ఇదే పద్ధతిలో ఇద్దరూ విడివిడిగా చదివారు. ఏ దశలోనూ రికార్డులను తీసేసే పనిని సాఫ్ట్‌వేర్‌కు వదల్లేదు.

పూర్తి పాఠం చదివాక తీసేసిన ప్రతి పేపర్‌కూ ఒక్క కారణమే రాశాం. ప్రశ్నలు ఈ వరసలో వేసుకున్నాం: సొంత డేటా ఉందా, మనుషుల మీద చేసిందా, ఊళ్లోని జనాభా నుంచి తీసుకున్నదా, మా రెండు ప్రాంతాల అంకెలు విడిగా ఉన్నాయా, రక్తంలో క్రియాటినిన్ చూశారా. మొదట ఎక్కడ తప్పితే అదే కారణం. అందుకని డయాగ్రామ్‌లో "క్రియాటినిన్ లేదు: 8" అని ఉంటే, క్రియాటినిన్ చూడని పేపర్లు మొత్తం ఎనిమిదేనని కాదు. ఆసుపత్రి పేపర్లలోనూ అలాంటివి ఉన్నాయి. అవి అంతకుముందే ఆగిపోయాయి.

ఫ్లో డయాగ్రామ్

```
ఎ. డేటాబేసులు, రిజిస్ట్రీ
   పబ్‌మెడ్ 214 | ఎంబేస్ 388 | స్కోపస్ 341
   వెబ్ ఆఫ్ సైన్స్ 176 | ట్రయల్స్ రిజిస్ట్రీ 9
   దొరికిన రికార్డులు: 1128
        |
        |--> స్క్రీనింగ్‌కు ముందే తీసేసినవి: 443
        |      డూప్లికేట్లు 437
        |      సాఫ్ట్‌వేర్ తీసేసినవి 0
        |      శీర్షిక, రచయిత లేని ఖాళీ ఎంట్రీలు 6
        v
   శీర్షిక, సారాంశం చదివినవి: 685
        |--> తీసేసినవి: 608
        v
   పూర్తి పాఠం కోసం వెతికినవి: 77
        |--> దొరకనివి: 5
        v
   పూర్తి పాఠం చదివినవి: 72
        |--> తీసేసినవి: 53
        |      సొంత డేటా లేదు 7
        |      నీరు, మట్టి, జంతువుల పరీక్షలే 3
        |      ఆసుపత్రి లేదా క్యాంపు రోగులు 21
        |      ప్రాంతం అంకెలు విడిగా లేవు 14
        |      క్రియాటినిన్ లేదు 8
        v
   మిగిలిన పేపర్లు: 19

బి. ఇతర మార్గాలు
   శోధ్‌గంగ 31 | సంస్థల వెబ్‌సైట్లు 12 | రిఫరెన్సులు 46
   దొరికినవి: 89
        |--> ఇప్పటికే 'ఎ'లో ఉన్నవి 52
        |--> శీర్షికలోనే సంబంధం లేదని తేలినవి 16
        v
   పూర్తి పాఠం కోసం వెతికినవి: 21
        |--> దొరకనివి: 4
        v
   పూర్తి పాఠం చదివినవి: 17
        |--> తీసేసినవి: 13
        |      ఆసుపత్రి లేదా క్యాంపు రోగులు 6
        |      ప్రాంతం అంకెలు విడిగా లేవు 5
        |      క్రియాటినిన్ లేదు 2
        v
   మిగిలిన పేపర్లు: 4

ఎ + బి: సమీక్షలో చేరిన అధ్యయనాలు 14 (వాటి గురించిన పేపర్లు 23)
```

ప్రిస్మా నమూనాలో 'బి' వైపు 52, 16 అంకెలకు గడులు లేవు. అవి లేకపోతే 89 ఒక్కసారిగా 21 ఎలా అయ్యిందో చదివేవాళ్లకు తెలియదు. అందుకే చేర్చాం.

23 పేపర్లు 14 అధ్యయనాలు ఎలా అయ్యాయన్నది డయాగ్రామ్‌లో ఒక్క గీత, దాని వెనుక పని మాత్రం చాలా ఉంది. ఒకే సర్వే ముందు పీజీ థీసిస్‌గా, తర్వాత కాన్ఫరెన్స్ సారాంశంగా, ఆపైన జర్నల్ పేపర్‌గా వస్తుంది. వాటిని మూడుగా లెక్కిస్తే ఒకే ఊరివాళ్లను మూడుసార్లు లెక్కపెట్టినట్టే. అందుకని మండలాలు, సర్వే జరిగిన నెలలు, శాంపిల్ సైజు పక్కపక్కన పెట్టి పోల్చాం. రెండు జతల దగ్గర అనుమానం మిగిలింది, రచయితలకు మెయిల్ చేశాం. ఒకరు అది ఒకే సర్వే అని జవాబిచ్చారు. రెండోవారి నుంచి జవాబు రాలేదు. శాంపిల్ సైజు, నెలలు సరిగ్గా సరిపోయాయి కాబట్టి దాన్నీ ఒకే అధ్యయనంగా తీసుకుని, విడివిడిగా తీసుకుంటే ఫలితం ఎంత మారుతుందో అనుబంధం 5లో చూపాం.

రిపోర్టింగ్ చెక్‌లిస్ట్

ప్రిస్మా 2020లోని 27 అంశాల్లో సెర్చ్, స్క్రీనింగ్‌కు సంబంధించినవే ఇక్కడ ఉన్నాయి. మిగతావి అనుబంధం 6లో.

| అంశం | ఏం చెప్పాలి | ఎక్కడ చెప్పాం |
|---|---|---|
| 5 | ఏవి తీసుకుంటాం, ఏవి తీసుకోం | పేజీ 4, పట్టిక 1 |
| 6 | వెతికిన చోట్లన్నీ, చివరిగా వెతికిన తేదీలు | పేజీ 4. ఈ అనుబంధం |
| 7 | ప్రతి డేటాబేస్‌కూ పూర్తి సెర్చ్, పరిమితులతో సహా | పబ్‌మెడ్ ఇక్కడ. మిగతావి అనుబంధం 3 |
| 8 | ఎందరు చదివారు, విడివిడిగానా, ఏ సాధనాలతో | పేజీ 5. ఈ అనుబంధం |
| 16ఎ | దొరికిన రికార్డుల నుంచి చేరిన అధ్యయనాల దాకా అంకెలు | ఫ్లో డయాగ్రామ్ |
| 16బి | చేరేలా కనిపించి తీసేసినవి, కారణాలు | అనుబంధం 4 |
| 24ఎ | రిజిస్ట్రేషన్ | ప్రాస్పెరోలో. నంబర్ మొదటి పేజీలో |
| 24సి | ప్రోటోకాల్‌లో మార్పులు | పేజీ 6, కింద |
| 27 | డేటా, ఫైళ్లు ఎవరికి, ఎక్కడ దొరుకుతాయి | పేజీ 15, కింద |

16బి గురించి ఒక మాట. చాలా సమీక్షల్లో ఈ గడి ఎదురుగా "వర్తించదు" అని కనిపిస్తుంది. మా విషయంలో అలా అనడం కుదరదు. డేటాబేసుల వైపు తీసేసిన 21 ఆసుపత్రి, క్యాంపు పేపర్లలో ఆరు అచ్చం సర్వేల్లాగే ఉంటాయి: ఊరి పేరు ఉంటుంది, వందల మంది ఉంటారు, శాతాలు ఉంటాయి. తీరా పద్ధతి చదివితే అవి పీహెచ్‌సీలోనో, స్కూల్ ఆవరణలోనో పెట్టిన ఉచిత క్యాంపుకి తమంతట తాము వచ్చినవాళ్ల లెక్కలు. కాళ్లు వాచినవాడు, ఇంట్లో ఒకరికి డయాలసిస్ జరుగుతున్నవాడు ముందు వస్తాడు. ఆ శాతాన్ని మొత్తం ఊరికి అంటగట్టలేం. ఈ ఆరింటినీ, ఇలాగే అంచు మీద ఆగిపోయిన మరో మూడింటినీ కారణాలతో సహా పేర్కొన్నాం. పత్రికల్లో తిరిగే కొన్ని పెద్ద శాతాలు మా పట్టికలో ఎందుకు లేవని అడిగేవాళ్లు ముందు అనుబంధం 4 చూడాలి.

24సి: ప్రోటోకాల్‌లో, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించి వ్యాధిని నిర్ధారించిన సర్వేలనే తీసుకుంటామని రాశాం. కేడిగో నిర్వచనం కోరేది అదే. కానీ పల్లె సర్వేల్లో ఎక్కువ భాగం ఒక్కసారే రక్తం తీసి, ఈజీఎఫ్ఆర్ 60 కన్నా తక్కువ ఉంటే వ్యాధి కింద లెక్కేశాయి. వాటిని వదిలేస్తే సమీక్షకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. పూర్తి పాఠాలు చదవడానికి ముందే ఈ నియమం సడలించాం, ఆ తేదీన ప్రాస్పెరోలో మార్పు నమోదు చేశాం. ఒక్కసారి పరీక్షించినవి, రెండుసార్లు పరీక్షించినవి ఫలితాల్లో వేర్వేరుగా ఉంటాయి. ఒక్క పరీక్షతో వచ్చే అంకె కాస్త ఎక్కువగా ఉండే అవకాశం ఉంది.

ప్రిస్మా-ఎస్‌లోని 16 అంశాల్లో 15కి జవాబు పైనా, అనుబంధం 3లోనూ ఉంది. పాత సమీక్షల సెర్చ్‌లను వాడుకున్నారా అన్న 11వ అంశానికి జవాబు: లేదు, మొత్తం కొత్తగా రాసుకున్నాం.

27: డేటాబేసుల నుంచి దించిన ఫలితాలు `search_export.ris`లో, ఇద్దరి నిర్ణయాలు `screening_log.csv`లో, పూర్తి పాఠం దశలో తీసేసిన 66 పేపర్ల కారణాలు `fulltext_exclusions.csv`లో, ఏ పేపర్ ఏ అధ్యయనానికి చెందిందో `report_to_study.csv`లో ఉన్నాయి. దొరకని తొమ్మిదింటి శీర్షికలు కూడా ఆఖరి ఫైల్‌లోనే విడిగా ఉన్నాయి. రచయితలకు, లైబ్రరీలకు రెండేసి సార్లు రాసినా అవి చేతికి రాలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, తర్వాతి అప్‌డేట్‌లో చదివి చేరుస్తాం.