జనాభా లెక్కల అభ్యాస పత్రం: జననాలు, సంతానోత్పత్తి, ఆయుర్దాయం, ఆధారిత నిష్పత్తి

సమయం: గంట. మార్కులు: 30. క్యాలిక్యులేటర్ వాడొచ్చు. 'క', 'ఖ' అనే ప్రాంతాలు, వాటి అంకెలు ఈ పత్రం కోసం కల్పించినవే. ప్రతి లెక్కకూ ముందు సూత్రం రాయండి. హారంలో ఎవరిని వేశారో ఒక్క మాటలో చెప్పండి. సగం మార్కులు దానికే.

ప్రాంతం 'క': ఒక ఏడాది సమాచారం

ఏడాది మధ్యనాటి జనాభా 10,00,000. ఆ ఏడాది సజీవ జననాలు 16,672 (వీరిలో ఆడపిల్లలు 8,140), మరణాలు 7,200. వాటిలో ఏడాది నిండని శిశువుల మరణాలు 400.

| వయసు | జనాభా |
|---|---|
| 0–14 | 2,60,000 |
| 15–59 | 6,30,000 |
| 60–64 | 40,000 |
| 65, ఆపైన | 70,000 |

| తల్లి వయసు | స్త్రీల సంఖ్య | సజీవ జననాలు |
|---|---|---|
| 15–19 | 44,000 | 1,100 |
| 20–24 | 45,000 | 6,300 |
| 25–29 | 42,000 | 5,460 |
| 30–34 | 40,000 | 2,600 |
| 35–39 | 36,000 | 900 |
| 40–44 | 32,000 | 256 |
| 45–49 | 28,000 | 56 |

జీవన పట్టిక (lx అంటే లక్ష మంది పుడితే x ఏళ్ల వయసు దాకా బతికి ఉండేవారి సంఖ్య):

| x | 0 | 1 | 20 | 40 | 60 | 80 |
|---|---|---|---|---|---|---|
| lx | 1,00,000 | 97,600 | 96,400 | 93,000 | 81,000 | 36,000 |

80 దాటాక వాళ్లంతా కలిసి బతికే మొత్తం సంవత్సరాలు, T80 = 2,52,000. ఏడాదిలోపు చనిపోయే శిశువు సగటున 0.1 సంవత్సరం బతుకుతుందని తీసుకోండి. మిగతా వయసుల్లో మరణాలు ఆ వ్యవధి అంతటా సమానంగా పరచుకున్నాయనుకోండి.

ప్రశ్నలు

1. స్థూల జనన రేటు, స్థూల మరణ రేటు, సహజ పెరుగుదల రేటు, శిశు మరణాల రేటు కనుక్కోండి. (4)
2. (అ) సాధారణ సంతానోత్పత్తి రేటు (ఆ) వయసుల వారీ రేట్లు (ఇ) టీఎఫ్‌ఆర్, అంటే మొత్తం సంతానోత్పత్తి రేటు (ఈ) స్థూల పునరుత్పత్తి రేటు. (8)
3. ఆధారిత నిష్పత్తిని 15–64 ఏళ్లవారిని పనిచేసే వయసుగా తీసుకుని ఒకసారి, 15–59 తీసుకుని మరోసారి కట్టండి. తేడా ఎందుకొచ్చింది? (6)
4. పుట్టిననాటి ఆయుర్దాయం, 60 ఏళ్ల వయసులో ఆయుర్దాయం లెక్కించండి. "సగటు ఆయుర్దాయం 70 ఏళ్లే కదా, 60 ఏళ్లాయనకు ఇంకా పదేళ్లే మిగిలాయి" అన్న మాటలో తప్పేమిటి? (8)
5. ప్రాంతం 'ఖ'లో జనాభా 5,00,000, జననాలు 9,000, 15–49 ఏళ్ల స్త్రీలు 1,50,000. 'క' కంటే 'ఖ'లో స్త్రీలు ఎక్కువ మంది పిల్లల్ని కంటున్నారని చెప్పగలమా? (4)

జవాబులు, వివరణ

1. ఇక్కడ మొదటి మూడింటికీ హారం మొత్తం జనాభా. జనన రేటు 16,672 ÷ 10,00,000 × 1000 = 16.7. మరణ రేటు 7.2. సహజ పెరుగుదల 16.67 − 7.20 = వెయ్యికి 9.47, అంటే సుమారు 0.95 శాతం. శిశు మరణాల రేటుకు హారం మారుతుంది: 400 ÷ 16,672 × 1000 = 24.0. దీన్ని కూడా మొత్తం జనాభాతో భాగించి 0.4 అని రాసేవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. ఏడాది మధ్యనాటి జనాభానే ఎందుకంటే, జనాభా ఏడాది పొడవునా మారుతూ ఉంటుంది కాబట్టి, మధ్యనాటి సంఖ్యను ఆ ఏడాది సగటుగా తీసుకుంటాం.

2. (అ) స్త్రీల మొత్తం 2,67,000. 16,672 ÷ 2,67,000 × 1000 = 62.4.

(ఆ) వరుసగా వెయ్యికి 25, 140, 130, 65, 25, 8, 2.

(ఇ) వీటి మొత్తం 395. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ప్రతి రేటూ ఒక ఏడాదిది, స్త్రీ ఒక్కో వయసు వర్గంలో ఐదేళ్లు గడుపుతుంది. కాబట్టి 395 × 5 ÷ 1000 = 1.975, అంటే సుమారు 1.98. ఈ ఏడాది రేట్లే జీవితాంతం కొనసాగితే, 50 ఏళ్లు నిండేదాకా బతికి ఉన్న ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య ఇది. ఏ నిజమైన స్త్రీ జీవితమూ ఇందులో లేదు, ఏడు వర్గాల రేట్లను ఒకే జీవితంలా కుట్టాం. భర్తీ స్థాయిగా సాధారణంగా చెప్పే 2.1 కంటే ఇది తక్కువ. అయినా జనాభా పెరుగుతూనే ఉందని మొదటి జవాబు చెబుతోంది కదా! ఇందులో వైరుధ్యం లేదు. కనే వయసులో ఉన్నవాళ్లు చాలామంది ఉండటం వల్ల, ఒక్కొక్కరికి తక్కువ పిల్లలున్నా జననాలు మరణాల్ని మించుతాయి.

(ఈ) జననాల్లో ఆడపిల్లల వాటా 8,140 ÷ 16,672 = 0.488. 1.975 × 0.488 = 0.96. తల్లుల తరాన్ని కూతుళ్ల తరం పూర్తిగా భర్తీ చేయడం లేదు. మధ్యలో చనిపోయే కూతుళ్లను కూడా లెక్కలోకి తీసుకుంటే వచ్చే నికర పునరుత్పత్తి రేటు ఇంకా తక్కువే ఉంటుంది.

3. 15–64 అయితే పనిచేసే వయసు వారు 6,70,000, మిగిలినవారు 3,30,000. నిష్పత్తి 49.3. ఇందులో పిల్లల భాగం 38.8, వృద్ధుల భాగం 10.4. దశాంశాల సవరణ వల్ల కూడితే 49.2 కనిపిస్తుంది, దానికి మార్కు పోదు. 15–59 అయితే 3,70,000 ÷ 6,30,000 × 100 = 58.7.

ఒక్క మనిషి కూడా మారలేదు, నిష్పత్తి తొమ్మిదికి పైగా పెరిగింది. 40,000 మంది హారం నుంచి లవంలోకి దూకారు, దెబ్బ రెండువైపులా పడింది. అందుకే రెండు ప్రాంతాల్ని పోల్చేముందు వయసు హద్దు ఒకటేనా అని చూడాలి. పైగా ఇది వయసుల లెక్క మాత్రమే: చదువుకుంటున్న 20 ఏళ్ల అమ్మాయి 'పోషించేవారి'లో, రోజూ పనికెళ్లే 66 ఏళ్లాయన 'ఆధారపడినవారి'లో ఉంటారు.

4. ప్రతి వ్యవధిలో అందరూ కలిసి బతికిన సంవత్సరాలు (Lx) ముందు కావాలి.

```
L0     = 97,600 + 0.1 × 2,400           =    97,840
L1-20  = 19 × (97,600 + 96,400) ÷ 2     = 18,43,000
L20-40 = 20 × (96,400 + 93,000) ÷ 2     = 18,94,000
L40-60 = 20 × (93,000 + 81,000) ÷ 2     = 17,40,000
L60-80 = 20 × (81,000 + 36,000) ÷ 2     = 11,70,000
T80                                     =  2,52,000
```

మొత్తం T0 = 69,96,840. దీన్ని లక్షతో భాగిస్తే e0 = 70.0 ఏళ్లు.

T60 = 11,70,000 + 2,52,000 = 14,22,000. దీన్ని 81,000తో భాగిస్తే e60 = 17.6. అంటే 60 ఏళ్లాయనకు సగటున పదేళ్లు కాదు, పదిహేడున్నర ఏళ్లు మిగిలాయి. 60కి ముందే పోయిన 19,000 మంది ప్రభావం 70లో కలిసి ఉంది, ఆయన ఆ గండాలన్నీ దాటి వచ్చాడు. కావాలంటే e1 కూడా కట్టి చూడండి: 68,99,000 ÷ 97,600 = 70.7. మొదటి పుట్టినరోజు దాటిన బిడ్డకు మిగిలిన ఆయుర్దాయం, పుట్టిననాటి కంటే ఎక్కువ!

ఇరవై ఏళ్ల వ్యవధులకు సరళ సగటు వాడటం మోటు పద్ధతే. మరీ ముఖ్యంగా 60–80 మధ్య మరణాలు చివరి ఏళ్లలో ఎక్కువగా జరుగుతాయి కాబట్టి అక్కడ మన లెక్క కాస్త తక్కువ చూపిస్తుంది. ఐదేళ్ల వ్యవధులు తీసుకుంటే ఈ లోటు బాగా తగ్గుతుంది.

5. 'ఖ' జనన రేటు 18.0, 'క'ది 16.7. ఇంతవరకే చూస్తే 'ఖ' ముందున్నట్టే. కానీ సాధారణ సంతానోత్పత్తి రేటు 'ఖ'లో 9,000 ÷ 1,50,000 × 1000 = 60.0, 'క'లో 62.4. జనాభాలో 15–49 ఏళ్ల స్త్రీల వాటా 'ఖ'లో 30 శాతం, 'క'లో 26.7 శాతం. జనన రేటు అంటే ఈ రెండింటి లబ్ధమే: 60.0 × 0.30 = 18.0, 62.44 × 0.267 = 16.67. కాబట్టి 'ఖ'లో పుట్టుకలు ఎక్కువగా కనిపించడానికి కారణం తల్లులయ్యే వయసువాళ్లు ఎక్కువగా ఉండటం. ఆ వయసు స్త్రీల పరంగా చూస్తే జననాలు తక్కువే. టీఎఫ్‌ఆర్‌లో కూడా 'ఖ' వెనకబడే ఉందా అంటే, తల్లుల వయసుల వారీ జననాలు ఇవ్వలేదు కాబట్టి చెప్పలేం. "చెప్పలేం" అని కారణంతో సహా రాసినవారికి పూర్తి మార్కులు.