అక్టోబర్–జనవరి నగదు బడ్జెట్: పీణ్య వర్క్‌షాప్

బెంగళూరు, 26 సెప్టెంబర్ 2026

అన్నా,

మీరు అడిగిన నాలుగు నెలల నగదు లెక్క ఇది. వదిన కూడా చూస్తారు కాబట్టి ప్రతి అంకె ఎక్కణ్ణించి వచ్చిందో పక్కనే రాశాను. అంకెలన్నీ వేల రూపాయల్లో ఉన్నాయి. ఇది లాభనష్టాల లెక్క కాదు. బ్యాంకులోకి ఎప్పుడు ఎంత వస్తుంది, ఎప్పుడు ఎంత పోతుంది అన్నదే చూశాను.

అసలు విషయం ముందే చెబుతాను. మనం ఎక్కువ బిల్లు వేసే నెల డిసెంబర్. చేతిలో డబ్బు ఆడనిది కూడా ఆ నెలలోనే. డిసెంబర్‌లో కంప్రెసర్ కొందామన్న ఆలోచన ఈ లెక్క ప్రకారం కుదరదు.

బిల్లులు, వసూళ్ళు

అక్టోబర్‌లో దసరా ఉంది. ఆయుధ పూజకి మెషిన్లు కడిగి, గుమ్మడికాయ కొట్టాక కుర్రాళ్ళు మదనపల్లె, హిందూపురం బస్సెక్కితే వారం దాకా తిరిగి రారు. అందుకే ఆ నెల బిల్లింగ్ 850 మాత్రమే వేశాను. నవంబర్ మొదట్లో దీపావళి. ఆ తర్వాత పని పుంజుకుంటుంది. హోసూరు కస్టమర్ ఇచ్చిన షెడ్యూల్ చూసి డిసెంబర్‌కి 1,250 పెట్టాను.

| | జూలై | ఆగ | సెప్టెం | అక్టో | నవం | డిసెం | జన |
|---|---|---|---|---|---|---|---|
| జీఎస్టీ లేకుండా | 1,000 | 1,050 | 1,200 | 850 | 1,000 | 1,250 | 1,150 |
| 18% జీఎస్టీతో | 1,180 | 1,239 | 1,416 | 1,003 | 1,180 | 1,475 | 1,357 |

గత ఏడాది లెడ్జర్ తిరగేస్తే వసూళ్ళ తీరు ఇలా ఉంది. బిల్లు వేసిన నెలలోనే 10 శాతం వస్తుంది. ఇది చిన్న జాబ్‌ల వాళ్ళది. మరుసటి నెల 40 శాతం, ఆ పై నెల 35 శాతం, మూడో నెల 13 శాతం వస్తాయి. మిగతా 2 శాతం రిజెక్షన్లు, డెబిట్ నోట్ల కింద పోతుంది, దాని మీద ఆశ పెట్టుకోలేదు. షీట్‌లో నాలుగో వరుసలో జీఎస్టీతో కలిపిన బిల్లులున్నాయి, B గడి జూలైది. అక్టోబర్ వసూలుకి సూత్రం ఇది, పక్క నెలలకి లాగితే చాలు:

```
=0.10*E4+0.40*D4+0.35*C4+0.13*B4
```

| వసూలు | అక్టో | నవం | డిసెం | జన |
|---|---|---|---|---|
| అదే నెల బిల్లు (10%) | 100 | 118 | 148 | 136 |
| కిందటి నెల బిల్లు (40%) | 566 | 401 | 472 | 590 |
| రెండు నెలల కిందటిది (35%) | 434 | 496 | 351 | 413 |
| మూడు నెలల కిందటిది (13%) | 153 | 161 | 184 | 130 |
| బిల్లుల వసూలు | 1,253 | 1,176 | 1,155 | 1,269 |
| తుక్కు అమ్మకం, నగదు | 12 | 12 | 15 | 15 |
| మొత్తం రాబడి | 1,265 | 1,188 | 1,170 | 1,284 |

డిసెంబర్ కాలమ్‌లో 351 చూడండి. అది అక్టోబర్ దసరా సెలవుల దెబ్బ. పని తగ్గిన నెలలో మనకి నొప్పి తెలియదు, సెప్టెంబర్ బిల్లుల డబ్బు వస్తూ ఉంటుంది. రెండు నెలలు ఆగి తగులుతుంది.

సరుకు కొనుగోళ్ళు

ఈఎన్8 బార్లు, అల్యూమినియం కలిపి బిల్లులో 40 శాతం. బిల్లు కంటే ఒక నెల ముందే సరుకు దించుకోవాలి కాబట్టి, నవంబర్ కొనుగోలు డిసెంబర్ బిల్లుని బట్టి ఉంటుంది. ఫిబ్రవరి బిల్లింగ్ 1,100 అనుకున్నాను. కొన్న నెలలో 30 శాతం (అల్యూమినియం వాళ్ళు అప్పివ్వరు), మిగతా 70 శాతం మరుసటి నెల 10వ తేదీన స్టీల్ డీలర్‌కి.

| జీఎస్టీతో | సెప్టెం | అక్టో | నవం | డిసెం | జన |
|---|---|---|---|---|---|
| కొనుగోలు | 401 | 472 | 590 | 543 | 519 |
| ఈ నెలదానికి 30% | – | 142 | 177 | 163 | 156 |
| కిందటి నెలదానికి 70% | – | 281 | 330 | 413 | 380 |
| చెల్లింపు | – | 423 | 507 | 576 | 536 |

జీఎస్టీ

ప్రతి నెలా 20వ తేదీకి కిందటి నెల బిల్లుల పన్ను కట్టాలి. కస్టమర్ మనకి డబ్బిచ్చాడా లేదా అన్నది జీఎస్టీ పోర్టల్‌కి అనవసరం. సెప్టెంబర్ బిల్లుల మీద పన్ను 216. అందులోంచి సరుకు మీద క్రెడిట్ 61, అద్దె, టూల్స్, బయటి పనుల మీద 28 పోతే అక్టోబర్ 20న 127 కట్టాలి. ఇదే పద్ధతిలో నవంబర్‌లో 53, డిసెంబర్‌లో 52, జనవరిలో 114. డిసెంబర్ అంకెలో స్పిండిల్ బేరింగ్ బిల్లు తాలూకు క్రెడిట్ 10 కూడా కలిసింది.

నెలవారీ ఖర్చులు

| | అక్టో | నవం | డిసెం | జన |
|---|---|---|---|---|
| జీతాలు (కిందటి నెలవి, 7వ తేదీన) | 190 | 190 | 205 | 210 |
| ఆయుధ పూజ బోనస్ | 95 | – | – | – |
| కరెంటు | 60 | 52 | 58 | 68 |
| షెడ్డు అద్దె | 53 | 53 | 53 | 53 |
| ఇన్సర్ట్‌లు, టూల్స్, కూలెంట్ | 71 | 71 | 71 | 71 |
| హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ | 59 | 59 | 59 | 59 |
| టెంపో, టీ, ఆఫీసు | 32 | 32 | 32 | 32 |
| వీఎంసీ లోన్ ఈఎంఐ | 99 | 99 | 99 | 99 |
| ఇంటి ఖర్చుకి మీరు తీసుకునేది | 50 | 50 | 50 | 50 |
| స్పిండిల్ బేరింగ్ మార్పు | – | 65 | – | – |
| అడ్వాన్స్ టాక్స్ (డిసెంబర్ 15) | – | – | 40 | – |
| మొత్తం | 709 | 671 | 667 | 642 |

బోనస్ అరనెల జీతం. మన దగ్గర ఎనిమిది మందే కాబట్టి చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, ఆనవాయితీ. కానీ అది ఆపితే జనవరిలో వీఎంసీ మీద నిలబడే మనిషి ఉండడు. అందుకే దాన్ని ముట్టుకోలేదు. ఎనిమిది మందే కాబట్టి ఈఎస్ఐ వరుస కూడా లేదు, పదో మనిషిని పెట్టుకుంటే అది వచ్చి చేరుతుంది. బేరింగ్ వాయిదా వేద్దామంటారేమో, స్పిండిల్ ఇప్పటికే శబ్దం చేస్తోంది, డిసెంబర్ లోడ్‌కి ఆగదు. జీతాల్లో చివరి రెండు నెలల పెరుగుదల ఓటీ. తరుగుదల మీకు ఇందులో కనపడదు, దానికి ఎవరికీ చెక్కు రాయం కదా.

చేతిలో మిగిలేది

| | అక్టో | నవం | డిసెం | జన |
|---|---|---|---|---|
| మొదటి నిల్వ | 95 | 101 | 58 | –67 |
| రాబడి | 1,265 | 1,188 | 1,170 | 1,284 |
| సరుకు | 423 | 507 | 576 | 536 |
| జీఎస్టీ | 127 | 53 | 52 | 114 |
| నెలవారీ ఖర్చులు | 709 | 671 | 667 | 642 |
| మొత్తం చెల్లింపులు | 1,259 | 1,231 | 1,295 | 1,292 |
| ఈ నెల తేడా | 6 | –43 | –125 | –8 |
| చివరి నిల్వ | 101 | 58 | –67 | –75 |

బ్యాంకులో ఎప్పుడూ 50 ఉండాలని వదిన పెట్టిన నియమం. దాని ప్రకారం డిసెంబర్‌లో 117, జనవరిలో 125 తక్కువ పడుతుంది. ఓడీ లిమిట్ 150 ఉంది, ఇప్పటిదాకా వాడలేదు. ఓడీ వడ్డీ ఇందులో వేయలేదు, ఈ మొత్తానికి అది పెద్దది కాదు. కాగితం మీద చూస్తే ఓడీతో గట్టెక్కుతాం. నాకు ఆ ధైర్యం లేదు, రెండు కారణాలున్నాయి.

ఒకటి, నెలాఖరు అంకె నెల మధ్యలో జరిగేది చూపించదు. డిసెంబర్ 15 నాటికి ఈఎంఐ 99, అద్దె 53, జీతాలు 205, స్టీల్ డీలర్‌కి 413, అడ్వాన్స్ టాక్స్ 40 పోతాయి, మొత్తం 810. వసూళ్ళలో సగం అప్పటికి వచ్చాయనుకున్నా 578. నవంబర్ నిల్వ 58 కలిపినా ఆ రోజు 174 లోటు, ఓడీ లిమిట్ దాటిపోయినట్టే. చిల్లర ఖర్చులు లెక్కలోకి తీసుకోకుండానే ఇంత. ఆ చెక్కుల్లో ఒకటి వెనక్కొస్తే పరువు పోతుంది, అది స్టీల్ డీలర్ చెక్కే అయితే బార్లు కూడా ఆగిపోతాయి.

రెండు, హోసూరు కస్టమర్ మన నవంబర్ మొత్తం బిల్లింగ్‌లో పది శాతం ఒక నెల జాప్యం చేస్తే చాలు, 118 డిసెంబర్ నుంచి జనవరికి జరిగిపోతుంది. అప్పుడు డిసెంబర్ నిల్వ –185. అతను జాప్యం చేయడం మనకి కొత్త కాదు.

నా సలహా ఓడీ కంటే ముందు వసూళ్ళ మీద పడదాం. మన సరుకు ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అంతా నెల చివరి వారంలో జరుగుతోంది, బిల్లులన్నీ 27, 28 తేదీల్లో గుంపుగా పడుతున్నాయి. పైగా ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్ మీద సంతకం లేక హోసూరు స్టోర్స్‌లో సరుకు అందినట్టు వేసే జీఆర్ఎన్ నాలుగైదు రోజులు ఆగుతోంది. జీఆర్ఎన్ పడేదాకా వాళ్ళ అకౌంట్స్ వాళ్ళు బిల్లు తీయరు. సగం బ్యాచ్‌లు నెలలో మొదటి పది రోజుల్లో పంపితే, 45 రోజుల గడువు మరుసటి నెలలోనే ముగుస్తుంది. రెండో నెలలో వచ్చే 35 శాతం 25కి తగ్గి, మొదటి నెలలో వచ్చే 40 శాతం 50కి పెరిగినా చాలు, లెక్క ఇలా మారుతుంది:

| చివరి నిల్వ | నవం | డిసెం | జన |
|---|---|---|---|
| ఇప్పటి తీరు | 58 | –67 | –75 |
| పది శాతం ముందుకు జరిగితే | 158 | 51 | 73 |

అక్టోబర్ బిల్లుల నుంచే మొదలుపెడితేనే ఈ రెండో వరుస. నవంబర్‌లో మొదలుపెడితే డిసెంబర్‌కి అదే 118 వస్తుంది గానీ నవంబర్‌లో ఏమీ రాదు.

మనకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా. ఎంఎస్ఎంఈడీ చట్టం 2006 ప్రకారం కొనేవాడు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటించకూడదు. దాటిస్తే బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి, మన బిల్లు ఖర్చు కూడా అతని ఆదాయపు పన్నులో ఆ ఏడు మినహాయింపుకి రాకపోవచ్చు. వడ్డీ అడగమని నేను చెప్పను, అడిగితే ఆర్డర్ పోతుంది. కానీ అతని అకౌంట్స్ వాళ్ళకి ఈ విషయం బాగా తెలుసు. బిల్లు మీద ఉద్యమ్ నంబర్ పెద్దగా కనిపించేలా వేస్తే చాలు, మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

స్టీల్ డీలర్‌ని డిసెంబర్ చెల్లింపు 413ని 10న సగం, 25న సగం తీసుకోమని అడగండి. అలా అయితే 15వ తేదీ లోటు 174 పోయి 32 మిగులుతుంది. మొత్తం 45 రోజుల అప్పు అడగవద్దు, ధరలో కలిపేస్తాడు. సగం సగానికి మీ మాట మీద ఒప్పుకుంటాడు, పదేళ్ళ బేరం.

కంప్రెసర్ ధర 220 అన్నారు. వసూళ్ళు మెరుగైనా జనవరి నిల్వ 73 దాటదు కాబట్టి ఫిబ్రవరి వసూళ్ళు చూశాకే ఆ మాట ఎత్తుదాం. లోన్ మీద తీసుకుంటే ఇంకో ఈఎంఐ వచ్చి ఈ 99 పక్కన కూర్చుంటుంది, అది నాకు ఇష్టం లేదు.

ప్రతి నెల 3వ తేదీన అసలు అంకెలు పక్క కాలమ్‌లో వేసి మీకు, వదినకి పంపుతాను. ముందుగా నాకు మీ నుంచి రెండు కావాలి: హోసూరు వాళ్ళకి అక్టోబర్ మొదటి వారంలో ఏ బ్యాచ్‌లు పంపగలమో ఇన్‌స్పెక్షన్ కుర్రాడితో మాట్లాడి ఒక లిస్టు, స్టీల్ డీలర్ ఏమన్నాడో ఒక ఫోన్.