నేపథ్యం పేరా మళ్లీ రాశాను, మేడం

మేడం గారికి నమస్కారం.

మొన్న మీరు వెనక్కిచ్చిన బోరు నీళ్ల ఫ్లోరైడ్ ప్రాజెక్టు రిపోర్టులో రెండో పేజీ అంతా పసుపు హైలైటరే. పక్కన "ఇది నీ రాత కాదు, పైగా సగం పదాలు తప్పు" అని రాశారు. ఒకే పేరాకి ఆ రెండు మాటలూ ఎలా పడ్డాయో మొదట అర్థం కాలేదు. పుస్తకంలోంచి ఎత్తి రాస్తే పదాలైనా కరెక్టుగా ఉండాలి కదా అనుకున్నాను. ఇంటికెళ్లి రెండూ పక్కపక్కన పెట్టి చూశాక విషయం తెలిసింది. దొరక్కూడదని మాట మాటకీ ఇంకో మాట వెతికి పెట్టాను, వాక్యాల వరుస మాత్రం పుస్తకంలో ఉన్నట్టే ఉంచాను.

మీరు పోల్చి చూడటానికి వీలుగా మూడూ ఇక్కడ రాస్తున్నాను. ముందు పుస్తకంలో ఉన్నది:

"భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ అధికంగా ఉండటానికి ప్రధాన కారణం శిలల్లోని ఫ్లోరిన్ కలిగిన ఖనిజాలు శైథిల్యం చెందటమే. గ్రానైట్, నైస్ శిలల్లో ఫ్లోరైట్, ఫ్లోరఅపటైట్, బయొటైట్, హార్న్‌బ్లెండ్ వంటి ఖనిజాలు ఉంటాయి. నీటి క్షారత పెరిగి, కాల్షియం గాఢత తగ్గినప్పుడు ఫ్లోరైట్ ద్రావణీయత పెరిగి ఫ్లోరైడ్ అయాన్లు నీటిలోకి విడుదలవుతాయి. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.0 మిల్లీగ్రాము అంగీకార పరిమితి కాగా, ప్రత్యామ్నాయ జలవనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చు. దీన్ని మించిన నీటిని దీర్ఘకాలం తాగితే దంత ఫ్లోరోసిస్, అస్థి ఫ్లోరోసిస్ సంభవిస్తాయి. ఉత్తేజిత అల్యూమినా మీద అధిశోషణం ద్వారా ఫ్లోరైడ్‌ను తొలగించవచ్చు."

నేను మొదట రాసింది, మీరు పసుపు పూసింది ఇది. సిగ్గుగానే ఉంది, అయినా పెడుతున్నాను:

"నేల అడుగు నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువగా ఉండటానికి ముఖ్య హేతువు రాళ్లలోని ఫ్లోరిన్ గల ఖనిజాలు కుళ్లిపోవటమే. గ్రానైట్, నైస్ రాళ్లలో ఫ్లోరైట్, ఫ్లోరఅపటైట్, బయొటైట్, హార్న్‌బ్లెండ్ లాంటి ఖనిజాలు దొరుకుతాయి. నీటి ఉప్పదనం హెచ్చి, కాల్షియం తగ్గినప్పుడు ఫ్లోరైట్ కరిగే వేగం హెచ్చుతుంది. తాగునీటిలో 1.5 మిల్లీగ్రాముల వరకు సురక్షితం. అది దాటితే దంతక్షయం, ఎముకల జబ్బు వస్తాయి. ఉత్తేజిత అల్యూమినాలో శోషణం ద్వారా ఫ్లోరిన్‌ను తీసివేయవచ్చు."

ఈసారి పుస్తకం మూసేశాను. వంటింట్లో అమ్మకి చెప్పి చూద్దామని కూర్చున్నాను. రాళ్ల పేర్లతో మొదలుపెడితే అమ్మ వినలేదు. "మనం ఇప్పుడు నల్లా నీళ్లే తాగుతున్నం గదా. మరి అప్పుడు మన బోరుకు, పక్క బోరుకు తేడా ఎందుకొచ్చింది?" అని అడిగింది. తాత మోకాళ్ల సంగతి తలచుకునే అడిగి ఉంటుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఎంత దాటితే చెడ్డదో చెప్పాలి, తర్వాత అది ఎక్కణ్నించి వచ్చిందో చెప్పాలి. నేపథ్యం వరుస అలా తిరిగింది. అంకెలు, పేర్లు సరిచూసుకోవటానికి మాత్రమే పుస్తకం మళ్లీ తెరిచాను.

కొత్త పేరా:

"తాగునీటిలో ఫ్లోరైడ్‌కు రెండు పరిమితులు ఉన్నాయి. లీటరుకు 1.0 మిల్లీగ్రాము అంగీకార పరిమితి. వేరే నీటి వనరు దొరకని చోట మాత్రమే 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంటుంది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి దంత ఫ్లోరోసిస్, అస్థి ఫ్లోరోసిస్ వస్తాయి. ఈ ఫ్లోరైడ్ ప్రధానంగా బోరు దిగిన రాతిలోనిదే. గ్రానైట్, నైస్ శిలల్లో ఉండే ఫ్లోరైట్, ఫ్లోరఅపటైట్, బయొటైట్, హార్న్‌బ్లెండ్ వంటివి శైథిల్యం చెందే కొద్దీ అది నీటిలో చేరుతుంది. ఎంత చేరుతుందన్నది నీటి స్వభావం మీద కూడా ఆధారపడుతుంది. క్షారత ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైట్ ద్రావణీయత ఎక్కువ. నీటిలో చేరిన ఫ్లోరైడ్‌ను తీసివేయటానికి ఉత్తేజిత అల్యూమినా మీద అధిశోషణం ఒక మార్గం (భూగర్భజల రసాయన శాస్త్రం టెక్స్ట్‌బుక్, 4వ అధ్యాయం, 87వ పేజీ). నీటి స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఒకే రకం రాతిలో వేసిన రెండు బోర్లలో కూడా ఫ్లోరైడ్ మోతాదు వేరుగా ఉండవచ్చని ఈ ప్రాజెక్టు భావిస్తోంది."

చివరి వాక్యం నాది. అందుకే పేజీ నంబరు దాని ముందే ముగించాను, పుస్తకం అనని మాట పుస్తకం నెత్తిన పడకూడదని. "ఈ ఫ్లోరైడ్ రాతి నుంచే వస్తుంది, ఇంకెక్కణ్నించీ రాదు" అని కూడా ఒకసారి రాసి కొట్టేశాను. పుస్తకం అన్నది "ప్రధాన కారణం" అనే.

ఇక పదాల సంగతి. ఫ్లోరైడ్‌ను ఫ్లోరిన్ అనటం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఫ్లోరిన్ మూలకం, విడిగా అయితే విషవాయువు. బోరు నీటిలో ఉండేది F⁻ అయాను. ఖనిజాల గురించి చెప్పేటప్పుడు "ఫ్లోరిన్ కలిగిన" అంటే సరిపోతుంది, నీటి గురించి అంటే కుదరదు. రెండు చోట్లా ఒకే మాట వాడి తెలివిగా మార్చాననుకున్నాను. శైథిల్యాన్ని "కుళ్లిపోవటం" అన్నందుకు మీరు మూడు ప్రశ్నార్థకాలు పెట్టారు, వాటికి నా దగ్గర జవాబు లేదు. క్షారతను ఉప్పదనం అనటం కూడా అలాంటిదే.

దంతక్షయం అంటే పళ్లు పుచ్చటం. దంత ఫ్లోరోసిస్ అంటే పిల్లల్లో పళ్లు తయారయ్యే వయసులో ఎనామిల్ మీద పడే మచ్చలు, గారలు. నిజానికి తక్కువ మోతాదులో ఫ్లోరైడ్ పళ్లు పుచ్చకుండా కాపాడుతుంది. అంటే నేను రాసింది పూర్తిగా తిరగబడింది. అధిశోషణం అంటే పైతలానికి అంటుకోవటం, శోషణం అంటే లోపలికి పీల్చుకోవటం. అల్యూమినా చేసేది మొదటిది. "అధి" రెండక్షరాలే కదా అని తీసేశాను.

కరిగే వేగం, ద్రావణీయత ఒకటి కాదని ఈ సమీకరణం రాసుకున్నాకే బుర్రకెక్కింది:

CaF₂ ⇌ Ca²⁺ + 2F⁻

నీటిలో Ca²⁺ తగ్గితే సమతాస్థితి కుడివైపు జరుగుతుంది, F⁻ పెరుగుతుంది. ఎంత త్వరగా అన్నది వేరే ప్రశ్న. ద్రావణీయతా లబ్ధం కూడా ఆ ఉష్ణోగ్రత దగ్గర మారదు. అందుకే "ద్రావణీయత" అన్న మాటని పుస్తకంలో ఉన్నట్టే ఉంచాను. ఖనిజాల పేర్ల వరుస కూడా అలాగే ఉంది. వాటిని అటూ ఇటూ మార్చితే కొత్తగా కనిపిస్తుందేమో గానీ, అది నా రాత అయిపోదు.

1.0, 1.5 రెండూ రాశాను. మొదటిసారి ఒక్కటే ఉంచి "సురక్షితం" అన్నాను. ఆ మాట పుస్తకంలో లేదు.

నల్గొండ పద్ధతి గురించి కూడా ఇందులోనే చేర్చాలని చేయి లాగింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపే ఆ పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ పరిశోధన సంస్థ వాళ్లు మన జిల్లా పేరుతోనే తెచ్చారు, వదలబుద్ధి కాలేదు. కానీ 87వ పేజీలో అది లేదు. తర్వాతి పేరాలో వేరే ఆధారంతో రాస్తాను.

ఒక్క సందేహం మిగిలింది, మేడం. "ప్రత్యామ్నాయ జలవనరు లేనప్పుడు" అన్నది ప్రమాణంలోని షరతు. దాన్ని "వేరే నీటి వనరు దొరకని చోట మాత్రమే" అని నా మాటల్లో పెట్టాను. షరతు బలం తగ్గిందనిపిస్తే అసలు మాటల్నే కొటేషన్ గుర్తుల మధ్య పెడతాను. సోమవారం బైండింగ్‌కి ఇవ్వాలి, శనివారం లోపు ఒక్క మాట చెప్పండి.